వైబ్రేటర్‌తో తీగ ప్రయోగం: M·n² స్థిరంగా రావడం లేదు, ఫ్రీక్వెన్సీ 50 కూడా రావడం లేదు

శ్రావణి
అందరికీ నమస్కారం. ల్యాబ్‌లో ఎలక్ట్రిక్ వైబ్రేటర్ ప్రయోగం చేశాం. రెండు సందేహాలు మిగిలాయి.

అమరిక ఇదీ. విద్యుదయస్కాంతం పైన ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. కాయిల్‌కి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా మెయిన్స్ నుంచి ఏసీ ఇస్తాం. మెయిన్స్ 50 హెర్ట్జ్. పట్టీ కొసకి నూలు దారం కట్టి, దాన్ని అడ్డంగా లాగి, కప్పీ మీదుగా పాన్‌కి వేలాడదీశాం. పట్టీ కొస నుంచి దారం కప్పీని తాకేచోటి వరకు 1.20 మీటర్లు. అదే దారం 5 మీటర్లు తూచితే 2.0 గ్రాములు వచ్చింది, అంటే మీటరుకి 0.40 గ్రాములు.

లూపులు బాగా ఉబ్బి, నోడ్లు కదలకుండా నిలబడ్డప్పుడు పాన్‌లో ఉన్న బరువులు ఇవి:

2 లూపులు: 570 గ్రాములు
3 లూపులు: 240
4 లూపులు: 125
5 లూపులు: 75
6 లూపులు: 45

బరువుని లూపుల సంఖ్య వర్గంతో గుణిస్తే ఎప్పుడూ ఒకటే రావాలి. నాకు వరసగా 2280, 2160, 2000, 1875, 1620 వచ్చాయి. పోనీ కొంచెం అటూ ఇటూ అయితే రీడింగ్ తేడా అనుకోవచ్చు, కానీ ఇది ఒకే దిక్కుగా పడిపోతోంది. రెండోది, వీటి నుంచి ఫ్రీక్వెన్సీ లెక్క కడితే 98 నుంచి 83 దాకా వస్తోంది. 50 దరిదాపుల్లోకి కూడా రావడం లేదు. ఎక్కడ తేడా ఉండొచ్చు?

రమేశ్
శ్రావణి గారూ, ముందు రీడింగులు తలకిందులుగా రాశారేమో చూడండి. బరువు పెంచితే టెన్షన్ పెరుగుతుంది, టెన్షన్ పెరిగితే తీగ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. వీణ తీగ బిగిస్తే శ్రుతి పైకి పోవడం అందరికీ తెలిసిందే. ఫ్రీక్వెన్సీ పెరిగితే లూపులు పెరగాలి కదా! మీకు బరువు పెరిగేకొద్దీ లూపులు తగ్గుతున్నాయి.

మూర్తి
రమేశ్ గారూ, మొదటి సగం సరిగ్గా చెప్పారు. బిగించిన తీగని మీటి వదిలేస్తే మీరన్నట్టే జరుగుతుంది. కానీ ఇక్కడ తీగని ఎవరూ వదిలేయడం లేదు. వైబ్రేటర్ పట్టుకుని ఊపుతోంది. పాన్‌లో ఎంత వేసినా సెకనుకి ఎన్నిసార్లు ఊగాలో నిర్ణయించేది వైబ్రేటరే. బరువు మార్చేది తరంగ వేగాన్ని. వేగం పెరిగి ఫ్రీక్వెన్సీ మారకపోతే తరంగదైర్ఘ్యం సాగుతుంది, అదే 1.20 మీటర్లలో తక్కువ లూపులు పడతాయి.

ఇంకోలా చూడాలంటే, బరువు పెంచినప్పుడు తీగ హార్మోనిక్స్ అన్నీ ఒకేసారి పైకి జరుగుతాయి. వైబ్రేటర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 125 గ్రాములప్పుడు నాలుగో హార్మోనిక్ వైబ్రేటర్ ఫ్రీక్వెన్సీ దగ్గర ఉంది. బరువు పెంచుతూ పోతే అది దాటి పైకి వెళ్ళిపోతుంది, కింద ఉన్న మూడోది ఎక్కి వచ్చి ఆ స్థానంలో నిలుస్తుంది. మధ్యలో కాసేపు ఏదీ సరిపోదు, అప్పుడు దారం మసకగా వణుకుతుంది తప్ప లూపులు నిలవవు. శ్రావణి రీడింగుల దిక్కు సరైనదే.

`M = 4·L²·f²·μ / (g·n²)`

L దారం ఊగే పొడవు, f దారం ఫ్రీక్వెన్సీ, μ మీటరు దారం ద్రవ్యరాశి, g గురుత్వ త్వరణం, n లూపుల సంఖ్య. M అంటే దారాన్ని లాగుతున్న మొత్తం ద్రవ్యరాశి. శ్రావణీ, ఈ "మొత్తం" అన్న మాట దగ్గరే నీ మొదటి సందేహం తేలుతుందని నా అనుమానం. నువ్వు "పాన్‌లో ఉన్న బరువులు" అని రాశావు. పాన్ బరువెంత?

వేణు
నాకైతే రెండో సందేహానికి జవాబు కనిపిస్తోంది. 50కి బదులు 100 దగ్గర వస్తోందంటే సరిగ్గా రెండింతలు. ఈ ప్రయోగంలో రెండింతల తేడా వచ్చేది ఒక్కచోటే, లాంగిట్యూడినల్ అమరికలో. పట్టీ దారం పొడవునా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటే ఫ్రీక్వెన్సీ రెండింతలు తీసుకోవాలి. మీ వైబ్రేటర్ అలా తిప్పి ఉందేమో చూసుకోండి.

శ్రావణి
వేణు గారూ, పట్టీ పైకీ కిందికీ ఊగుతోంది, దారం అడ్డంగా ఉంది. కాబట్టి ట్రాన్స్‌వర్స్ అమరికే.

మూర్తి సార్, పాన్ రేపు తూచి చెబుతాను. రికార్డు పట్టికలో "లోడ్" అనే ఒకే గడి ఉంది, అందులో పాన్‌లో వేసినవే రాస్తాం.

మూర్తి
తూచేలోపు ఈ పని చెయ్యి. నిలువు అక్షం మీద పాన్‌లో వేసిన బరువు, అడ్డం మీద 1/n² పెట్టి గ్రాఫ్ గియ్యి. పాన్ బరువు వదిలేసి ఉంటే గీత వంకర లేకుండా తిన్నగానే వస్తుంది కానీ మూల బిందువు గుండా పోదు. నిలువు అక్షాన్ని సున్నాకి కింద ఎక్కడో కోస్తుంది. అలా ఎంత కిందికి పోతుందో అదే పాన్ బరువు.

నీ చివరి రెండు కొసలు తీసుకుని చూశాను. 1/n² విలువ 0.25 దగ్గర 570, 0.0278 దగ్గర 45. వాలు సుమారు 2360, గీత అక్షాన్ని కోసేది సుమారు −20 దగ్గర. అంటే నీ పాన్ కొక్కెంతో కలిపి 20 గ్రాముల చుట్టుపక్కల ఉండాలి.

గుణకారాలు ఒకే దిక్కుగా ఎందుకు పడిపోయాయో కూడా దీంతోనే తెలుస్తుంది. 570 పక్కన 20 గ్రాములు లెక్కలోకే రావు. 45 పక్కన 20 అంటే దాదాపు సగం. ఆ లోటుని 36తో గుణిస్తున్నావు. లూపులు పెరిగేకొద్దీ తేడా n² చొప్పున పెరుగుతుంది. రీడింగులు అడ్డదిడ్డంగా ఉంటే చేతి తప్పు అనుకోవచ్చు, ఇలా క్రమంగా జారుతుంటే మాత్రం ఏదో ఒక స్థిరమైన మొత్తం లెక్కలో తప్పిపోయిందని అర్థం.

కిరణ్
మేం ఇంత కష్టపడలేదు. సిగ్నల్ జనరేటర్‌తో నడిచే వైబ్రేటర్ తీసుకుని, 200 గ్రాములు వేలాడదీసి, ఫ్రీక్వెన్సీ నాబ్ తిప్పుతూ పోయాం. ఒక లూపు ఎక్కడ వస్తే రెండు లూపులు దానికి రెట్టింపు దగ్గర, మూడు మూడింతల దగ్గర. గ్రాఫ్ చక్కగా వస్తుంది. n² గొడవే లేదు. మీరూ అలా చెయ్యండి.

మూర్తి
కిరణ్ గారూ, అది వేరే ప్రశ్నకి జవాబు. మీరు బరువు ఆపి ఫ్రీక్వెన్సీ మార్చారు, శ్రావణి ఫ్రీక్వెన్సీ ఆగిపోయి ఉండగా బరువు మారుస్తోంది. మీ పద్ధతిలో పాన్ బరువు మరచిపోయినా గ్రాఫ్ చక్కగానే వస్తుంది, ఎందుకంటే టెన్షన్ ఎంతైనా అన్ని రీడింగులకీ ఒకటే. ఆ తేడా వాలులో దాక్కుంటుంది, కంటికి కనిపించదు. బరువు మార్చే పద్ధతిలో అది దాగలేదు. ఆ మేరకు శ్రావణి చేస్తున్న పద్ధతే నాకు ఎక్కువ ఇష్టం.

పద్మజ
రెండింతల సంగతి మీద నా అనుభవం చెబుతాను, వైబ్రేటర్ కాదు, సోనోమీటర్. ఉక్కు తీగ పైన విద్యుదయస్కాంతం పెట్టి మెయిన్స్ ఏసీ ఇస్తే, కాగితపు ముక్క ఎగిరి పడేది తీగ ఫ్రీక్వెన్సీ 100 ఉన్నప్పుడు. రికార్డులో దాన్ని రెండుతో భాగించి ఏసీ ఫ్రీక్వెన్సీ 50 అని రాసేవాళ్ళం. అదే సోనోమీటర్‌లో ఇత్తడి తీగ వేసి, తీగ గుండానే ఏసీ పంపి, నడిమధ్య గుర్రపునాడా అయస్కాంతం పెడితే భాగించాల్సిన పనే లేదు, నేరుగా 50 వచ్చేది. ఇది వేణు గారు చెప్పిన లాంగిట్యూడినల్ విషయం కాదనిపిస్తోంది. మీ వైబ్రేటర్‌లో శాశ్వత అయస్కాంతం ఉందా?

శ్రావణి
కాయిల్, దాని లోపల ఇనుప కడ్డీ, పైన పట్టీ. అంతే. శాశ్వత అయస్కాంతం కనిపించలేదు.

మూర్తి
పద్మజ గారు సూటిగా పట్టుకున్నారు. ఉక్కు పట్టీకి ఏ ధ్రువం ఎదురుగా ఉందో పట్టదు. ఉత్తర ధ్రువమైనా లాగుతుంది, దక్షిణ ధ్రువమైనా లాగుతుంది. ఏసీ ఒక ఆవృత్తిలో రెండుసార్లు గరిష్ఠానికి వెళ్తుంది, ఒకసారి ఇటు, ఒకసారి అటు. పట్టీ రెండుసార్లూ కిందికి దిగుతుంది. మెయిన్స్ 50 అయితే పట్టీ 100 సార్లు ఊగుతుంది. పక్కన శాశ్వత అయస్కాంతం ఉంటే ఒక సగంలో రెండు క్షేత్రాలూ కలుస్తాయి, మరో సగంలో ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి, అప్పుడే 50 బయటికి వస్తుంది. ఇత్తడి తీగ విషయంలో బలం దిశ కరెంటుతో పాటు తిరగబడుతుంది, అందుకే అక్కడ 50.

వేణు గారి మాటలో ఉన్న రెండు కూడా నిజమైన రెండే, కానీ అది అటువైపు పనిచేస్తుంది. పట్టీ దారం పొడవునా ఊగితే, దారం ఒక పూర్తి ఊపు పూర్తిచేసేలోగా రెండుసార్లు బిగుస్తుంది. ఉయ్యాల మీద నిలబడి ఊగే మనిషి ఒక ఊపులో రెండుసార్లు కూర్చుని లేస్తాడు చూడండి, అలాగ. కాబట్టి లాంగిట్యూడినల్‌లో దారం ఫ్రీక్వెన్సీ పట్టీ ఫ్రీక్వెన్సీలో సగం. పట్టీ 100 అయితే దారం 50. శ్రావణికి దారం ఫ్రీక్వెన్సీ 100 దగ్గర వస్తోంది, లాంగిట్యూడినల్ అయితే పట్టీ 200 సార్లు ఊగాలి. అది కుదరదు.

వేణు
ఒప్పుకుంటున్నాను, దిక్కు అటుదే. అయితే దీన్ని ఆమె దగ్గరున్న సామానుతోనే చూడొచ్చు కదా? మొత్తం లోడ్ మార్చకుండా, పొడవు 1.20 దగ్గరే ఉంచి, వైబ్రేటర్‌ని తొంభై డిగ్రీలు తిప్పితే నాలుగు లూపులు రెండు కావాలి.

మూర్తి
కావాలి. ఒక జాగ్రత్త. లాంగిట్యూడినల్‌లో దారం దానంతట అది మొదలవదు, పట్టీ ఊపు కొంత హద్దు దాటాలి. దారాన్ని వేలితో కొంచెం మీటితే అందుకుంటుంది. అందుకోకపోతే కాయిల్ వోల్టేజి ఒక మెట్టు పెంచు, కానీ వేడెక్కేంతసేపు ఉంచకు.

శ్రావణి
ఇవాళ్టి సంగతులు. పాన్, కొక్కెం కలిపి 21 గ్రాములు! గ్రాఫ్ చెప్పిన దానికి ఒక్క గ్రామే తేడా. కలిపి లెక్కిస్తే గుణకారాలు 2364, 2349, 2336, 2400, 2376. జారుడు పోయింది.

వైబ్రేటర్ తిప్పి కూడా చూశాం. 125 గ్రాముల దగ్గర మొదట దారం కదలనే లేదు. మీటగానే మెల్లగా ఊగడం మొదలై, రెండు పెద్ద లూపులు నిలబడ్డాయి. ఇంతకుముందు నాలుగు లూపులప్పుడు పావు వంతు దగ్గర నోడ్ ఉండేది, ఇప్పుడు అక్కడే దారం అన్నిటికంటే ఎక్కువ ఊగుతోంది. నడిమి నోడ్ మాత్రం ఉన్నచోటే ఉంది. చూడటానికి చాలా బాగుంది.

ఇప్పుడు అయిదు గుణకారాల సగటు తీసి ఫ్రీక్వెన్సీ రాస్తే చాలా? 100.3 వస్తోంది.

రమేశ్
సగటు తీస్తే సరిపోతుంది. అన్నీ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి.

మూర్తి
నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి.

మొదటిది, అయిదింటికీ ఒకే విలువ ఇవ్వకూడదు. మీరు 5 గ్రాముల మెట్లతో బరువులు వేశారు. అసలు అనునాదం ఆ మెట్టుకి రెండున్నర గ్రాములు అటో ఇటో ఉండొచ్చు. రెండు లూపుల దగ్గర అది గుణకారంలో 10 తేడా, అర శాతం కూడా కాదు. ఆరు లూపుల దగ్గర 90 తేడా, దాదాపు నాలుగు శాతం. కాబట్టి 2376 అనే సంఖ్యకి 2364కి ఉన్నంత బలం లేదు. తక్కువ లోడ్ దగ్గర 1 గ్రాము బరువులు వాడాలి. అవి లేకపోతే ఇంకో దారి ఉంది. బరువు అలాగే ఉంచి, వైబ్రేటర్ స్టాండుని కొన్ని మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ జరుపుతూ లూపులు బాగా ఉబ్బేచోట ఆపి, ప్రతిసారీ పొడవు కొలిచి రాసుకో. అప్పుడు స్థిరంగా రావాల్సింది M·n²/L². నేనైతే ఇదే చేయిస్తాను, చేతికి చాలా సున్నితంగా దొరుకుతుంది.

రెండోది, 100.3లో ఆ పాయింట్ మూడు మీద నమ్మకం పెట్టుకోకు. దారం 2.0 గ్రాములు అన్నావు. త్రాసు 0.1 వరకే చూపిస్తే అది 1.95 కావచ్చు, 2.05 కావచ్చు. μలో రెండున్నర శాతం, ఫ్రీక్వెన్సీలో ఒకటింపావు హెర్ట్జ్. పాన్, కప్పీ అన్నీ సరిచేసినా ఈ హద్దు దాటలేవు. 20 మీటర్లు తూచితే నాలుగోవంతుకి తగ్గుతుంది. M·n² స్థిరమా కాదా అన్నదానికి μ అక్కర్లేదు, ఫ్రీక్వెన్సీకి మాత్రం అదే ప్రాణం.

పద్మజ
నూలు దారం సాగుతుంది కూడా. బరువు వేసినప్పుడు మీటరు దారం పొడవు పెరిగితే దాని రేఖీయ సాంద్రత తగ్గినట్టే. తక్కువ లోడ్ దగ్గర దారం మీద సిరాతో రెండు గుర్తులు పెట్టి, 570 దగ్గర మళ్ళీ కొలవండి. ఒక శాతం సాగితే గుణకారం ఒక శాతం తగ్గుతుంది. రెండు లూపుల రీడింగుకే ఇది ఎక్కువ తగులుతుంది.

కిరణ్
మరి ఒక లూపు ఎందుకు లేదు? అసలు చూడాల్సింది అదే కదా, ఫండమెంటల్.

శ్రావణి
ఒక లూపుకి లెక్క ప్రకారం 2.35 కిలోలు కావాలి. ఆ దారం అంత మోస్తుందన్న నమ్మకం లేదు, పట్టీ కూడా వంగిపోతుందని ల్యాబ్‌లో వద్దన్నారు.

మూర్తి
వద్దనడం సరైనదే. పొడవు తగ్గించు. కావాల్సిన బరువు L² చొప్పున మారుతుంది. 0.60 మీటర్లకి తెస్తే పాన్‌తో కలిపి 590 గ్రాముల దగ్గరే ఒక్క లూపు వస్తుంది. అంటే 1.20లో రెండు లూపులు వచ్చిన అదే బరువు. లూపు పొడవు మారలేదు, ఒకదాన్ని తీసేశావు, అంతే.

శ్రావణి
చేశాం, వచ్చింది. దారం సాగడం కూడా కొలిచాం, మీటరుకి 12 మిల్లీమీటర్లు.

ఇంకొకటి గమనించాను. మూడు లూపుల దగ్గర బరువులు పెంచుకుంటూ వస్తే 245 దగ్గర హఠాత్తుగా లూపులు ఉబ్బుతున్నాయి. 270 నుంచి తగ్గించుకుంటూ వస్తే 230 దాకా ఉబ్బే ఉంటున్నాయి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతున్నాయి. ఏది రాయాలి?

వేణు
కప్పీ రాపిడి. పెంచేటప్పుడు కప్పీ కొంత భారాన్ని పట్టుకుంటుంది, దారంలో టెన్షన్ బరువు కంటే తక్కువ. తగ్గించేటప్పుడు ఉల్టా. అందుకే పెంచేటప్పుడు ఎక్కువ బరువు దగ్గర, తగ్గించేటప్పుడు తక్కువ బరువు దగ్గర వస్తుంది. సగటు రాయండి.

మూర్తి
వేణు గారు చెప్పిన దిక్కు సరిగ్గా సరిపోతోంది. కానీ అదే దిక్కుకి ఇంకో కారణం కూడా ఉంది. దారం పెద్దగా ఊగినప్పుడు దాని పొడవు కాస్త పెరుగుతుంది, ఆ మేరకు టెన్షన్ తనంతట తనే పెరుగుతుంది. కాబట్టి ఒకసారి ఉబ్బిన లూపు, బరువు తగ్గుతున్నా కొంతదూరం తన్ను తాను నిలబెట్టుకుంటుంది. తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. నువ్వు రాసిన "హఠాత్తుగా", "ఒక్కసారిగా" అన్న మాటలు నన్ను ఇటువైపు లాగుతున్నాయి. రాపిడి ఒక్కటే అయితే ఉబ్బడం, తగ్గడం మెల్లగానే జరగాలి, అవి జరిగే చోటు మాత్రమే మారాలి.

విడదీయడానికి కాయిల్ వోల్టేజి తగ్గించి, చిన్న ఊపుతో మళ్ళీ రెండు దిక్కులా చెయ్యి. తేడా కుంచించుకుపోతే ఊపు వల్ల. అలాగే ఉంటే కప్పీ వల్ల.

పద్మజ
అంత తేలిగ్గా తేలదనుకుంటాను. దారం గట్టిగా వణుకుతున్నప్పుడు ఆ వణుకే కప్పీని కదిలించి రాపిడిని వదిలిస్తుంది. ఊపు తగ్గిస్తే కప్పీ ఇంకా పట్టేస్తుంది, తేడా పెరిగినా పెరగొచ్చు. ప్రతి రీడింగుకీ ముందు కప్పీని పెన్సిల్‌తో రెండు దెబ్బలు తట్టి, అప్పుడు పోల్చండి.

మూర్తి
అది నిజమే. రెండూ కలిపి చెయ్యాలి, తట్టడం కూడా, ఊపు తగ్గించడం కూడా.

శ్రావణి
వోల్టేజి తగ్గించి, కప్పీని తట్టి చేస్తే పెంచేటప్పుడు 243, తగ్గించేటప్పుడు 238. ఇంతకుముందు ఉన్న 15 గ్రాముల తేడా 5కి వచ్చింది. ఉబ్బడం, తగ్గడం కూడా మెల్లగానే ఉన్నాయి. కానీ వోల్టేజి తగ్గించకుండా తట్టడం మాత్రమే చేసి చూడలేదు, ఏది ఎంత తగ్గించిందో చెప్పలేను. వచ్చేవారం ల్యాబ్ ఖాళీగా ఉన్న రోజున అదొక్కటే చేస్తాను. రికార్డులో మూడు లూపులకి 240 ఉంచి, పక్కన పెంచినప్పటి, తగ్గించినప్పటి రెండు విలువలూ రాశాను.